ర్యాక్ కాలికి దెబ్బ తగిలితే

మేడ్చల్ చుట్టుపక్కల ఉన్న గోడౌన్లలో ఒకదాన్ని ఊహించుకోండి. నిన్నటిదాకా రీచ్ ట్రక్కు నడిపిన మనిషి ఇవాళ షిఫ్ట్ సూపర్‌వైజరు. సాయంత్రం లోడింగ్ హడావిడిలో ఉండగా, మొన్నటిదాకా తన పక్కనే బండి నడిపిన కుర్రాడు వచ్చి చెప్తాడు: "అన్నా, పద్నాలుగో బే కాడ కాలుకు జర తాకింది. ఏం కాలే, కొంచెం సొట్ట పడ్డది."

బయట రెండు లారీలు వెయిట్ చేస్తున్నాయి. సొట్ట చూస్తే నిజంగానే చిన్నది. ర్యాక్ ఒరగలేదు, పైన సరుకు కదల్లేదు. "సరేలే, చూసుకుని నడుపు" అని పంపెయ్యడమే చాలాచోట్ల జరిగేది. కొత్త సూపర్‌వైజరు నేర్చుకోవాల్సిన పని సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. అందుకే ఈ ఒక్క సొట్టనే పట్టుకుని చివరిదాకా వెళ్దాం. గోడౌనూ అంకెలూ ఉదాహరణ కోసం అనుకున్నవి, కొలతల నియమాలు మాత్రం నిజమైనవి.

ముందు ఆ కాలు ఎలా నిలబడుతుందో చూడాలి. ర్యాక్‌లో నిలువుగా ఉండే స్తంభాన్ని అప్‌రైట్ అంటారు, గోడౌన్ భాషలో కాలు. ముందొకటి, వెనకొకటి ఉండే రెండు కాళ్లను అడ్డంగానూ ఏటవాలుగానూ బ్రేసింగ్ పట్టీలతో కలిపితే ఒక ఫ్రేము. రెండు ఫ్రేముల మధ్య జతలు జతలుగా బీములు తగిలిస్తే ఒక బే. ప్యాలెట్ బరువు బీము మీద పడుతుంది, బీము దాన్ని కొక్కాల ద్వారా కాలికి అందిస్తుంది, కాలు బేస్‌ప్లేటు మీదుగా నేలకి దించుతుంది. వరస మధ్యలో ఉన్న ఫ్రేము రెండు వైపుల బేలనీ మోస్తుంది, ఒక్కో బే నుంచి సగం చొప్పున. అంటే మొత్తానికి ఒక నిండు బే బరువు. అది 7 టన్నులనుకుంటే ఒక్కో కాలి మీద మూడున్నర టన్నులు.

ఆ మూడున్నర టన్నులు మోసే కాలు గట్టి ఇనప దుంగ కాదు. సాధారణంగా రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ మందం ఉన్న స్టీలు రేకుని మడతలు పెట్టి చేసింది. దాని బలం ఎక్కువగా దాని ఆకారంలోనే ఉంది. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి నిలబెడితే మీద పుస్తకం పెట్టినా ఆగుతుంది, గొట్టం నడుమ వేలితో నొక్కితే అదే పుస్తకం కింద పడుతుంది. కాగితం బరువు తగ్గలేదు, చిరగలేదు, ఆకారం మాత్రమే చెడింది. ర్యాక్ కాలికీ ఇదే జరుగుతుంది. నిటారుగా ఉన్నంతసేపు బరువు దాని నడుమ గుండా తిన్నగా దిగుతుంది. కొంచెం వంగితే అదే బరువు వంపుని ఇంకా వంచడానికి పనిచేస్తుంది. సొట్ట చిన్నదా పెద్దదా అని కంటితో తేల్చకూడదనేది ఇందుకే.

కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సరిగ్గా ఒక మీటరు పొడవున్న తిన్నని అల్యూమినియం పట్టీ, ఒక స్టీలు స్కేలు చాలు. అయితే ముందు దూరం నుంచి చూడాలి. కాలు కంటికే బాగా వంగి కనబడితే, రేకు చిరిగితే, బీము కొక్కెం ఊడి ఉంటే కొలతల మాట తర్వాత, ముందు మనుషుల్ని ఖాళీ చేయించాలి. అలాంటిదేమీ లేకపోతే పట్టీని కాలు లోపలికి వంగిన వైపు ఆనించి, వంపు పట్టీ నడుమకి వచ్చేలా పెట్టాలి. పట్టీకీ కాలికీ మధ్య ఎక్కువ సందు ఎక్కడుందో అక్కడ స్కేలుతో చూడాలి. ఆ సందే కొలత.

యూరప్‌లో ర్యాకుల వాడకానికీ నిర్వహణకీ ఈఎన్ 15635 అనే ప్రమాణం ఉంది. మన దగ్గర కూడా చాలా ర్యాక్ కంపెనీలు, తనిఖీ ఇంజినీర్లు అనుసరించేది దీన్నే. అందులో రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. బీముల దిశలో, అంటే వరస పొడవునా కాలు వంగితే మీటరుకి 5 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. దారి వైపు నుంచి ర్యాక్ లోపలికి, అంటే ముందు కాలు వెనక కాలి వైపు వంగితే హద్దు 3 మిల్లీమీటర్లే. బ్రేసింగ్ పట్టీలకి 10. మన కుర్రాడి బండి దారిలోంచే తగిలింది కాబట్టి కాలు లోపలికి వంగింది. ఫోర్క్‌లిఫ్టు దెబ్బలు ఎక్కువగా వచ్చేది ఇటునుంచే, హద్దు తక్కువున్నదీ ఈ దిశకే. చూసే కంటికి 5 అయినా 3 అయినా ఒకటే సొట్ట, అందుకని ఏ వైపుకి వంగిందో రాయకుండా ఎంత వంగిందో మాత్రమే రాస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

మన ఉదాహరణలో సందు 4 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. హద్దు దాటింది, కానీ దానికి రెట్టింపు కాలేదు. హద్దు లోపలుంటే ఆకుపచ్చ, రికార్డులో రాసి కన్నేసి ఉంచాలి. హద్దుకి రెట్టింపు దాటితే ఎరుపు, ఆ క్షణమే సరుకు దించి ర్యాక్ మూసెయ్యాలి. ఈ రెండింటి మధ్య ఉన్నది పసుపు. పసుపులో ఉన్న సరుకుని అప్పటికప్పుడు దించనక్కర్లేదు గానీ, ఒక్కసారి ప్యాలెట్ తీశాక ఆ చోట మళ్లీ పెట్టకూడదు. నాలుగు వారాల్లోగా బాగు చెయ్యకపోతే అది ఎరుపుతో సమానం. మీటరు పట్టీకి అందని దెబ్బలూ ఉంటాయి: కాలి అంచు మడత ఒకచోటే నలగడం, చిల్లుల దగ్గర పగులు, చీలిక. వాటికి మిల్లీమీటర్ల లెక్క లేదు. ర్యాక్ కంపెనీ ఇంజినీరు చూసి చెప్పేదాకా ఆ రెండు బేలూ ఖాళీగా ఉండాలి.

4 మిల్లీమీటర్లు పసుపు కాబట్టి నాలుగు వారాలు టైముంది, లారీలు లోడ్ చేసుకుందాం అనిపిస్తుంది. సూపర్‌వైజరు ఆగాల్సింది ఇక్కడ. ఈ రంగులన్నీ ఒక షరతు మీద ఆధారపడ్డాయి. ర్యాక్ మీద డిజైన్ చేసినంత బరువే ఉండాలి, డిజైన్ చేసిన రూపంలోనే ర్యాక్ ఉండాలి. ఆ రెండూ చూడకుండా సొట్టకి రంగు వేస్తే రంగు అబద్ధం చెప్తుంది.

వరస చివర బిగించిన లోడ్ బోర్డు దగ్గరకి వెళ్దాం. మన బోర్డు మీద మూడు సంగతులు రాసి ఉన్నాయనుకోండి. ఒక్కో బీము జత మీద 2000 కిలోలు, సమానంగా పరచి. మొత్తం బే మీద 7000 కిలోలు. నేల నుంచి మొదటి బీము ఎత్తు 1500 మిల్లీమీటర్లు. చాలామంది మొదటి అంకె చదివి ఆగిపోతారు.

బే నంబరు 14లో నాలుగు బీము వరసలున్నాయి. నేల మీద పెట్టిన ప్యాలెట్ల బరువు నేలదే, కాలిది కాదు, కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోం. కింది మూడు వరసల్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాలెట్లు, ఒక్కో వరసకి రెండు. లీటరు నూనె ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంటుంది. పన్నెండు ప్యాకెట్లకి 10.92 కిలోలు, అట్టపెట్టె కలిపి 11.3 అనుకుందాం. ప్యాలెట్ మీద వరసకి 15 పెట్టెల చొప్పున ఆరు వరసలు, మొత్తం 90 పెట్టెలు. అంటే 1017 కిలోలు. చెక్క ప్యాలెట్ 23 కిలోలు. మొత్తం 1040. రెండు ప్యాలెట్లు కలిపితే 2080.

బోర్డు 2000 అంటోంది. "ఎనభై కిలోలకే ర్యాక్ పడిపోద్దా?" అని ఎవరో ఒకరు అంటారు. పడిపోకపోవచ్చు. డిజైనర్ కొంత అదనపు బలం ఉంచే ఉంటాడు. కానీ ఆ అదనం నూనె ప్యాలెట్ కోసం ఉంచింది కాదు. స్టీలులో తేడాలకి, బిగింపులో లోపాలకి, ప్యాలెట్ దబ్బున దిగినప్పుడు వచ్చే అదురుకి ఉంచింది. ఆ వాటాని రోజూ సరుకుతో నింపేస్తే, బండి తగిలిన రోజున కాలి దగ్గర మిగిలేది ఉండదు. మన కాలికి ఇవాళ బండి తగిలింది కూడా. నూనె ప్యాలెట్ మీద ఒక వరస పెట్టెలు తగ్గిస్తే 75 పెట్టెలకి 870 కిలోలవుతుంది, రెండింటికి 1740. ప్యాలెట్ కట్టే చోటే ఈ నిర్ణయం జరగాలి. ర్యాక్ దగ్గరకి వచ్చాక ఆపరేటర్‌కి బరువు కనబడదు.

ఈ బరువుకి బీము సంగతేమిటో కూడా ఒక చూపు చూడొచ్చు. నిండు బరువు మీద బీము కొంచెం సాగిలబడటం మామూలే. దాని పొడవులో రెండువందలో వంతు దాకా ఒప్పుకుంటారు, 2700 మిల్లీమీటర్ల బీముకి పదమూడున్నర మిల్లీమీటర్లు. ఈ కొసకీ ఆ కొసకీ దారం లాగి పట్టుకుంటే తెలిసిపోతుంది. అంతకన్నా వంగినా, సరుకు దించాక తిరిగి తిన్నగా రాకపోయినా దాని మీద ఎప్పుడో మితిమీరిన బరువు పడిందని అర్థం.

మొత్తం బే లెక్క చూద్దాం. మూడు వరసల నూనె 6240 కిలోలు, పై వరసలో బిస్కెట్ ప్యాలెట్లు రెండు కలిపి 700. మొత్తం 6940. బోర్డు మీది 7000కి అరవై కిలోలు తక్కువ, ఇది సరిపోయినట్టే కనబడుతుంది. వరసకి 2000 చొప్పున నాలుగు వరసలూ నింపొచ్చనుకుంటే 8000 అవుతుంది, బోర్డు దానికి ఒప్పుకోదు. బీముల సత్తా వేరు, కాళ్ల సత్తా వేరు అని అందుకే రెండు అంకెలు విడివిడిగా రాస్తారు.

ఇక మూడో సంగతి. టేపు పెట్టి కొలిస్తే మొదటి బీము 1500 దగ్గర లేదు, 2000 దగ్గర ఉంది. గత సీజన్లో నేల మీద ఎత్తైన ప్యాలెట్లు పెట్టాల్సి వచ్చి ఎవరో బీము అర మీటరు పైకి జరిపారు. కొక్కెం తీసి పై చిల్లులో పెట్టడమే కదా, పది నిమిషాల పని. ఈ పది నిమిషాల పనే మొత్తం లెక్కని తారుమారు చేసింది.

నిలువు స్తంభం మీద బరువు పెంచుతూ పోతే ఒక దశలో అది నలిగిపోకుండా పక్కకి వంగి కుప్పకూలుతుంది. ఆధారాల మధ్య పొడవు పెరిగేకొద్దీ ఆ దశ ఎంత తొందరగా వస్తుందో 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త లెక్క కట్టాడు. సన్నని ఆదర్శ స్తంభానికి పొడవు రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అదే లెక్కన 1500 నుంచి 2000కి వెళ్తే మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువ, 56 శాతం. నిజమైన ర్యాక్ కాలు అచ్చంగా ఆ సూత్రం ప్రకారం నడవదు. బ్రేసింగ్, బేస్‌ప్లేటు, కొక్కాల బిగువు అన్నీ దానికి తోడవుతాయి కాబట్టి అసలు అంకె ర్యాక్ కంపెనీయే తేల్చాలి. కానీ తగ్గిందనడంలో అనుమానం లేదు. బోర్డు మీది 7000 కిలోలు 1500 ఎత్తులో ఉన్న బీముకి ఇచ్చిన మాట. బీము జరిగిన రోజే ఆ మాట చెల్లిపోయింది.

ఇప్పుడు మన సొట్టని మళ్లీ చూడండి. 4 మిల్లీమీటర్ల వంపు, వరసకి 80 కిలోల అదనం, సత్తా తెలియని కాలు. ఒక్కొక్కటీ విడిగా "ఫరవాలేదులే" అనిపించేవే. మూడూ ఒకే కాలి మీద కలిశాయి. ఇక పసుపు నియమం ఇక్కడ వర్తించదు. దించెయ్యాలి.

దించడానికీ ఒక పద్ధతి ఉంది. దెబ్బతిన్న ఫ్రేము 14వ బేకీ 15వ బేకీ ఉమ్మడిది, అందువల్ల రెండూ ఖాళీ చెయ్యాలి. ఒక్క 14నే ఖాళీ చేసి పని అయిపోయిందనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ముందు దారికి రెండు వైపులా టేపు కట్టి హమాలీలనీ పికింగ్ వాళ్లనీ బయటికి పంపాలి. వెనక వరస దారిని కూడా మూసెయ్యాలి, సరుకు అటు వైపూ పడొచ్చు. తర్వాత పై వరస నుంచి కిందికి, 14లో రెండు ప్యాలెట్లు, 15లో రెండు, ఇలా మార్చి మార్చి తియ్యాలి. అనుభవమున్న ఆపరేటర్ ఒక్కడే తియ్యాలి, తొందరపెట్టేవాళ్లెవరూ పక్కన ఉండకూడదు. ఈ మధ్యలో కాలు కదిలినట్టనిపించినా, టకటకమని చప్పుడొచ్చినా బండి వెనక్కి తీసుకుని ర్యాక్ కంపెనీని పిలవాలి. కాలు బాగా ఒరిగిపోయిన ర్యాక్ దగ్గరకి అసలు బండి పంపనేకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ర్యాకులు ఒక్కటే కూలి ఆగిపోవు. బీములు పక్క ఫ్రేముల్ని కూడా లాగుతాయి. 2016 మే నెలలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కౌంటీ హిన్‌స్టాక్‌లో ఒక గోడౌన్లో ర్యాకులు కూలి, ఒక ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు టన్నుల కొద్దీ చీజ్ కింద సుమారు ఎనిమిది గంటలు చిక్కుకున్నాడు. ప్రాణాలతో బయటపడ్డాడు. 2020 అక్టోబరులో బ్రెజిల్‌లోని సావో లూయిస్ నగరంలో ఒక హోల్‌సేల్ సూపర్‌మార్కెట్లో ఎత్తైన ర్యాకులు ఒకదాని మీదొకటి పడి ఒక ఉద్యోగిని చనిపోయింది, ఎనిమిది మంది గాయపడ్డారు. అక్కడ ర్యాకుల మధ్య కొనుగోలుదార్లు కూడా తిరుగుతున్నారు.

మళ్లీ మన గోడౌన్‌కి వద్దాం. సరుకు దిగింది, కాలు మార్చాలి. సుత్తితో కొట్టి తిన్నగా చేయించడం, వెల్డింగ్ పెట్టించడం చేయకూడదు. వేడి చేస్తే, మళ్లీ వంచితే ఆ రేకు గుణమే మారిపోతుంది, తిన్నగా కనబడినా పాత బలం రాదు. అదే కంపెనీ, అదే మోడల్ కాలు తెప్పించాలి. చూడ్డానికి ఒకేలా ఉన్న వేరే కంపెనీ బీము చిల్లుల్లో దూరినా కొక్కెం పూర్తిగా కూర్చోదు. మార్చేటప్పుడు బీము కొసలకి సేఫ్టీ పిన్నులన్నీ ఉన్నాయా, బేస్‌ప్లేటు బోల్టులు బిగువుగా ఉన్నాయా చూసుకోవాలి. చాలా గోడౌన్లలో మొదట మాయమయ్యేది ఆ చిన్న పిన్నే. అది లేకపోతే కింది నుంచి ఫోర్కు తగిలినప్పుడు బీము ఊడి లేచిపోతుంది.

ఇక రిపోర్టు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి దీన్ని చాలా కంపెనీలు నియర్ మిస్ కిందే రాస్తాయి. రిజిస్టర్లలో సాధారణంగా కనబడే రాత ఇలా ఉంటుంది: "పద్నాలుగో బే వద్ద బండి తగిలింది. ఆపరేటర్‌ను హెచ్చరించడమైనది." ఈ రెండు వాక్యాలతో తర్వాతి షిఫ్టు వాళ్లకి ఏమీ తెలియదు. ఏ కాలు, నేల నుంచి ఎంత ఎత్తున, ఏ దిశలో, ఎన్ని మిల్లీమీటర్లు, ఆ సమయంలో మీద ఎంత బరువుంది, బండి ఏం చేస్తుండగా తగిలింది, అప్పుడు దారి ఎలా ఉంది, ఇప్పుడు బే తెరిచి ఉందా మూసి ఉందా, మూయించింది ఎవరు. ఒక ఫోటో, పక్కన స్కేలు పెట్టి. రాయడానికి పది నిమిషాలు పడుతుంది.

అందులో "దారి ఎలా ఉంది" అన్న ప్రశ్నకి చాలామంది జవాబు వదిలేస్తారు. మన కుర్రాణ్ని సూపర్‌వైజరు అడిగాడనుకుందాం: "తమ్మీ, రోజూ తిప్పే జాగనే గదా, ఇయాల ఎందుకు తాకింది?" కుర్రాడు చెప్తాడు: "దారిల డిస్పాచ్ ప్యాలెట్లు పెట్టిన్రు అన్నా. బండి మర్లలే, ఎనకకు తీస్తే తాకింది." సాయంత్రం లారీలు ఆలస్యమైనప్పుడల్లా డిస్పాచ్ ప్యాలెట్లని ఆ దారి మొదట్లో పేరుస్తున్నారు, రీచ్ ట్రక్కు తిరగాల్సిన వెడల్పు తగ్గిపోతోంది. పాత రిజిస్టరు తిరగేస్తే 12, 13 బేల దగ్గర కూడా సాయంత్రం పూటే బండ్లు తగిలిన ఆనవాళ్లు దొరకొచ్చు. హెచ్చరించాల్సిన మనిషి ఆపరేటర్ కాదని అప్పుడు తెలుస్తుంది.

ఇది తెలియాలంటే కుర్రాడు వచ్చి చెప్పాలి. చెప్పినవాడి జీతంలోంచి కాలు ఖరీదు కోసే గోడౌన్లో ఎవరూ వచ్చి చెప్పరు. అక్కడ రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, కాళ్లకి మాత్రం సొట్టలుంటాయి, పైన కొత్త పెయింటు ఉంటుంది. నెలకి ఒక్క రిపోర్టూ లేని గోడౌన్‌ని మెచ్చుకునే మేనేజ్‌మెంటు తప్పు దారిలో వెళ్తోందని నా గట్టి నమ్మకం. ఫోను చూస్తూ బండి నడిపినవాడి మీద చర్య తీసుకోవడం వేరే విషయం. అది నడిపిన తీరుకి పడే శిక్ష కావాలి గానీ, వచ్చి చెప్పినందుకు కాకూడదు. కొత్తగా ప్రమోషనొచ్చిన సూపర్‌వైజరుకి ఇక్కడ ఒక బలముంది. మొన్నటిదాకా అతనూ ఆ బండి మీదే ఉన్నాడు, ఆ దారి ఎంత ఇరుకో అతనికి ఒళ్లంతా తెలుసు. "అన్నా" అని వచ్చి చెప్పిన ఆ పిలుపు నిలవాలంటే, మొదటి రిపోర్టుకి అతను ఎలా జవాబిచ్చాడన్నదే లెక్క.

చెప్పినదానికి ఏం జరిగిందో చెప్పినవాడికి తెలియాలి కూడా. మర్నాడు షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాల మీటింగులో, పేరు ఎత్తకుండా, ఏం తగిలింది, ఎందుకు తగిలింది, ఏం మార్చామో చెప్పాలి. వారానికొకసారి సూపర్‌వైజరు తనే పట్టీ పట్టుకుని వరసలన్నీ తిరిగి, ముఖ్యంగా నేల నుంచి మీటరు ఎత్తులోపు కాళ్లనీ, వరస చివరి ఫ్రేములనీ చూడాలి. పన్నెండు నెలలు దాటకుండా బయటి నిపుణుడి తనిఖీ జరగాలి. ఆ నిపుణుడికి మొదట ఇవ్వాల్సింది నియర్ మిస్ రిజిస్టరే.

మన 14, 15 బేలు మళ్లీ తెరవడానికి ఏం కావాలో ఇప్పుడు స్పష్టంగా ఉంది. కొత్త కాలు బిగించి, ఫ్రేము నిలువు చూసి, బోల్టులు బిగించినట్టు ర్యాక్ కంపెనీ వాళ్ల సంతకం. మొదటి బీముని 1500కి దించడం, లేదా 2000 ఎత్తుకి కంపెనీ లెక్క కట్టి రాసిచ్చిన కొత్త బోర్డు. నూనె ప్యాలెట్‌కి 75 పెట్టెలే కట్టాలని ప్యాకింగ్ వాళ్లకి రాతపూర్వకంగా సూచన. డిస్పాచ్ ప్యాలెట్లకి గోడ పక్కన పసుపు గీతలతో వేరే చోటు. ఈ నాలుగూ పూర్తయ్యాక టేపు తియ్యొచ్చు, కింది వరస నుంచి పైకి నింపుకుంటూ రావొచ్చు.